4.16 లక్షలు కడితే బాకీ 80 వేలే తగ్గింది: హోమ్ లోన్ షెడ్యూల్ చదివిన నా అనుభవం

2024లో మేం బ్యాంకుకి కట్టిన వాయిదాలు అన్నీ కలిపితే 4,16,556 రూపాయలు. తీసుకున్న లోన్ 40 లక్షలు. ఏడాది చివర స్టేట్‌మెంట్ తీస్తే ఇంకా మిగిలిన బాకీ 39 లక్షల 20 వేల చిల్లర కనిపించింది. నాలుగు లక్షలు దాటి కడితే అసలులో తగ్గింది 80 వేలు కూడా లేదన్నమాట. మిగతా 3 లక్షల 37 వేలు వడ్డీ కిందే పోయింది.

మాది విశాఖపట్నం మధురవాడలో, పీఎం పాలెం వైపు, రెండు బెడ్‌రూముల ఫ్లాట్. వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్ళు, నెలకి 34,713 రూపాయల ఈఎంఐ. మొదటి వాయిదా 2024 జనవరిలో పడింది, అన్నీ అనుకున్నట్టే సాగితే చివరిది 2043 డిసెంబర్‌లో పడుతుంది. మా మావయ్యగారు స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యారు. కూర్మన్నపాలెంలో ఉంటారు, పండగలకి మా ఇంటికి వస్తారు. ఈ స్టేట్‌మెంట్ చూపిస్తే ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు. "బ్యాంకు వాళ్ళు వడ్డీ అంతా ముందే గుంజేసుకుంటారమ్మా. వాళ్ళ లాభం వాళ్ళు తీసేసుకున్నాకే మన అసలు ముడతారు. అందుకే పదేళ్ళు దాటాక ఎంత కట్టినా మనకి మిగిలేదేం ఉండదు" అన్నారు.

ఈ మాట ఆఫీసులో కూడా చాలామంది నోట విన్నాను. పరవాడ బస్సులో ఇళ్ళ లోన్ల గురించి మాటలు మొదలైతే ఎవరో ఒకరు ఇది అనకుండా ఉండరు. నిజంగా బ్యాంకు రాబోయే ఏళ్ళ వడ్డీ ముందే తీసుకుంటోందా, లేక ఇంకేదైనా జరుగుతోందా అన్నది తేల్చుకోవాలనిపించింది. నెట్ బ్యాంకింగ్‌లో లోన్ ఖాతా కింద అమార్టైజేషన్ షెడ్యూల్ అని ఉంటుంది, దాన్ని దించుకున్నాను. 240 వరసలు. ఒక్కో వరసలో వాయిదా నంబరు, ఈఎంఐ, అందులో వడ్డీ ఎంత, అసలు ఎంత, ఆ వాయిదా తర్వాత మిగిలే బాకీ ఎంత అన్నవి ఉంటాయి. అందులో నాకు పనికొచ్చిన వరసలు ఇవీ:

| వాయిదా | వడ్డీ | అసలు | మిగిలిన బాకీ |
|---|---|---|---|
| 1 | 28,333 | 6,380 | 39,93,620 |
| 2 | 28,288 | 6,425 | 39,87,195 |
| 3 | 28,243 | 6,470 | 39,80,725 |
| 60 | 25,038 | 9,675 | 35,25,082 |
| 143 | 17,332 | 17,381 | 24,29,430 |
| 240 | 244 | 34,469 | 0 |

(రూపాయల్లో పైసలు సరిచేశాను కాబట్టి కింది వరసల్లో కొద్దిగా అటూ ఇటూ ఉంటుంది.)

వడ్డీ గడినే పైనుంచి కిందికి చదువుకుంటూ పోతే 28 వేలు, 28 వేలు, 28 వేలు అని వస్తూ కడుపు మండుతుంది తప్ప ఏమీ అర్థం కాదు. ఒక్క వరసని అడ్డంగా చదవాలి. ముందు వరసలో మిగిలిన బాకీ ఎంతో చూడాలి, దాని మీద ఒక్క నెల వడ్డీ ఎంతవుతుందో మనమే లెక్కేయాలి, అది ఈ వరసలో వడ్డీ గడిలో ఉందో లేదో చూడాలి.

మా అమ్మది చీపురుపల్లి దగ్గర పల్లె. అక్కడ వడ్డీని ఏడాదికి ఇంత శాతం అని ఎవరూ చెప్పరు, నెలకి నూటికి ఇన్ని రూపాయలు అంటారు. రూపాయి వడ్డీ, రూపాయిన్నర వడ్డీ, రెండ్రూపాయల వడ్డీ. మా లోన్‌ని ఆ భాషలోకి మార్చాను. 8.5ని 12తో భాగిస్తే నెలకి నూటికి 70.83 పైసలు, అంటే 71 పైసల వడ్డీ అనుకోవచ్చు. 40 లక్షలకి నూటికి 70.83 పైసలు చొప్పున ఒక నెల వడ్డీ 28,333. మొదటి వరసలో ఉన్నది సరిగ్గా అదే. రెండో వరసకి 39,93,620 మీద అదే లెక్క వేస్తే 28,288 వచ్చింది. అదీ సరిపోయింది. అరవయ్యో వరస, నూట నలభై మూడో వరస కూడా చూశాను. ఎక్కడా ఒక్క రూపాయి కూడా వచ్చే నెల కోసం ముందుగా తీసుకున్నట్టు లేదు. ప్రతి నెలా ఆ నెల మొదట్లో మన దగ్గర ఉన్న వాళ్ళ డబ్బుకి, ఆ ఒక్క నెల అద్దె తీసుకుంటున్నారు, అంతే.

స్ప్రెడ్‌షీట్ వాడే అలవాటున్న వాళ్ళు ఈ మూడు వరసలు కొట్టి చూడొచ్చు. మొదటిది ఈఎంఐ, రెండోది మొదటి నెల వడ్డీ, మూడోది మొదటి నెల అసలు ఇస్తాయి. రెండో, మూడో వరసల్లో 1 ఉన్న చోట 60 అని పెడితే అరవయ్యో నెలవి వస్తాయి.

```
=PMT(8.5%/12, 240, -4000000)
=IPMT(8.5%/12, 1, 240, -4000000)
=PPMT(8.5%/12, 1, 240, -4000000)
```

మరి అసలు ఎందుకు అంత తక్కువ తగ్గుతోంది? మా అమ్మ వాళ్ళ ఊళ్ళో ప్రామిసరీ నోటు మీద అప్పు తెచ్చుకున్న వాళ్ళు వడ్డీ మాత్రం కడుతూ పోతే పదేళ్ళైనా అసలు అలాగే ఉంటుంది. దాన్ని ఎవరూ మోసం అనరు. మా 40 లక్షలకి అలా వడ్డీ మాత్రం కడుతూ పోవాలంటే నెలకి 28,333 కావాలి. మేం కడుతున్నది 34,713. ఆ పైన ఉన్న 6,380 రూపాయలే అప్పు తీర్చడానికి కడుతున్నది. పేరుకి 34 వేల వాయిదా గానీ, నిజంగా అప్పు తీర్చేది నెలకి ఆరు వేల పైచిలుకే. ఇది అర్థమయ్యాక స్టేట్‌మెంట్‌లోని 80 వేలు వింతగా అనిపించలేదు. ఆరు వేల చిల్లరని పన్నెండు నెలలు కడితే ఇంకెంత తగ్గుతుంది?

మావయ్యగారి మాట తప్పని నాకు గట్టిగా తెలిసింది మాత్రం గడువు మార్చి చూసినప్పుడు. అదే 40 లక్షలు, అదే 8.5 శాతం, కానీ పదేళ్ళ గడువు పెట్టాను. ఈఎంఐ 49,594 వచ్చింది. మొదటి నెల వడ్డీ ఎంత? అదే 28,333. ముప్పై ఏళ్ళు పెట్టాను. ఈఎంఐ 30,757. మొదటి నెల వడ్డీ మళ్ళీ 28,333. బ్యాంకు మొత్తం వడ్డీని ముందుకి తోసి తీసుకుంటున్నట్టయితే ముప్పై ఏళ్ళ వాడి దగ్గర మొదటి నెలే ఎక్కువ తీసుకోవాలి కదా, ఎందుకంటే అతను కట్టబోయే వడ్డీ చాలా ఎక్కువ. అలా లేదు. పదేళ్ళ వాడూ ముప్పై ఏళ్ళ వాడూ మొదటి నెల వడ్డీ ఒకటే కడుతున్నారు. మారుతున్నది ఆ పైన మిగిలేదే: పదేళ్ళ వాడికి 21,261 అసలులోకి పోతుంది, మాకు 6,380, ముప్పై ఏళ్ళ వాడికి 2,423.

లోన్ మధ్యలో తీర్చేసే వాళ్ళ లెక్క కూడా ఇదే చెబుతుంది. ఐదేళ్ళ తర్వాత మేం లోన్ మూసేయాలనుకుంటే కట్టాల్సింది 35,25,082. మిగిలిన పదిహేనేళ్ళ వడ్డీ ఎవరూ అడగరు. కాలంతో మారే ఫ్లోటింగ్ రేటు మీద వ్యక్తులు తీసుకున్న హోమ్ లోన్‌కి ముందుగా తీర్చినందుకు బ్యాంకులు జరిమానా వేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2012లోనే చెప్పింది. అప్పటిదాకా కట్టిన 16 లక్షల వడ్డీ కూడా ఆ ఐదేళ్ళూ మన దగ్గర ఉన్న 40 నుంచి 35 లక్షల డబ్బుకి అయిన వడ్డీయే. ఎక్కువే, కాదనను. కానీ వాడుకున్న డబ్బుకే.

ఇక్కడ చక్రవడ్డీ మాట కూడా వస్తుంది. హోమ్ లోన్‌లో వడ్డీ మీద వడ్డీ వేస్తారని మా ఆయన స్నేహితుడొకరు వాదించారు. ఏ నెల వడ్డీ ఆ నెలే పూర్తిగా కట్టేస్తుంటే అసలులో కలవడానికి వడ్డీ ఏమీ మిగలదు. వాయిదా తప్పితే మాత్రం కట్టని వడ్డీ బాకీలోనే ఉండిపోతుంది, అప్పుడు ఆయన మాట నిజమవుతుంది.

షెడ్యూల్‌లో నన్ను ఎక్కువసేపు ఆపేసింది అసలు గడి. మొదటి నెల 6,380, రెండో నెల 6,425. 45 రూపాయలు పెరిగింది. ఈ 45 ఎక్కడిది? మొదటి నెల తీరిన 6,380 మీద ఇక వడ్డీ లేదు. నూటికి 70.83 పైసలు చొప్పున అది 45 రూపాయలు. ఈఎంఐ మారదు కాబట్టి వడ్డీలో తగ్గిన 45 అసలులోకి చేరింది. ఇలా ప్రతి నెలా అసలు భాగం నూటికి 71 పైసలు చొప్పున పెరుగుతుంది. పొదుపు డబ్బు పెరిగినట్టే పెరుగుతుంది గానీ మొదలు మరీ చిన్నది కావడం వల్ల చాలాకాలం పెరిగినట్టు కనిపించదు. ఐదేళ్ళు కట్టినా 9,675 దగ్గరే ఉంది.

8.5 శాతం దగ్గర ఈ భాగం రెట్టింపు కావడానికి 98 నెలలు పడుతుంది. దీన్ని చివరి నుంచి వెనక్కి చదివితే ఇంకా స్పష్టంగా ఉంటుంది. చివరి వాయిదా దాదాపు అంతా అసలే, వడ్డీ 244 రూపాయలు. అక్కడి నుంచి 98 వాయిదాలు వెనక్కి వస్తే అసలు సగం, వడ్డీ సగం అవుతాయి. మా లోన్‌లో అది 143వ వాయిదా, 2035 నవంబర్. ఈ 98 అన్న సంఖ్య అప్పు ఎంతైనా, గడువు ఎంతైనా మారదు, వడ్డీ రేటు మీదే ఆధారపడుతుంది. 8.5 శాతానికి ఎవరు తీసుకున్నా చివరి 98 వాయిదాల్లోనే, అంటే ఎనిమిదేళ్ళ రెండు నెలల్లోనే, అసలు భాగం వడ్డీని మించుతుంది. పదేళ్ళ లోన్ తీసుకున్న వాడికి మొదటి 22 వాయిదాలే వడ్డీ బరువు. మాకు 142. ముప్పై ఏళ్ళ వాడికి 262, అంటే ఇరవై ఒక్క ఏళ్ళ పది నెలలు. గడువు పెంచినప్పుడల్లా పెరిగేవి ముందు వైపున ఉండే వడ్డీ నెలలే. వెనక వైపు ఆ 98 అలాగే ఉంటాయి.

బాకీ సగానికి రావడం దీనికంటే ఆలస్యం. 40 లక్షలు 20 లక్షల కిందికి దిగేది 166వ వాయిదాతో, 2037 అక్టోబర్‌లో. ఇరవై ఏళ్ళ లోన్‌లో మొదటి సగం అప్పు తీరడానికి దాదాపు పద్నాలుగేళ్ళు, రెండో సగానికి ఆరేళ్ళ చిల్లర. ఇది చూసి మా ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కారు కొనే ఆలోచన గురించి మేం మళ్ళీ మాట్లాడుకోలేదు.

స్టేట్‌మెంట్‌నీ షెడ్యూల్‌నీ పక్కపక్కన పెట్టి చూసే వాళ్ళకి ఒక టెన్షన్ వస్తుంది, ముందే చెప్పేస్తాను. రెండూ కలవవు. షెడ్యూల్ ఏడాదిని పన్నెండు సమాన నెలలుగా చూస్తుంది. మా బ్యాంకు వడ్డీని రోజుల లెక్కన వేస్తుంది. ఏడాదికి 365 రోజులుగా తీసుకుంటే 40 లక్షల మీద 31 రోజుల నెలకి 28,877, 30 రోజుల నెలకి 27,945 అవుతుంది. ఈఎంఐ ఒకటే కాబట్టి ఆ తేడా అంతా అసలు భాగం మీదే పడుతుంది, ఒక నెల 5,800, ఇంకో నెల 6,700 అన్నట్టు ఊగుతూ కనిపిస్తుంది. ఏడాది మొత్తం కలిపి చూస్తే పెద్ద తేడా ఉండదు. ఏడాది లెక్కలో కూడా వేలల్లో తేడా వస్తే మాత్రం వాయిదా ఆలస్యంగా పడిందా, ఏదైనా చార్జీ లోన్ ఖాతాలో కలిపారా, వడ్డీ రేటు మారిందా అని చూసుకోవాలి.

2025 సంక్రాంతికి ముందు మా చేతికి ఒక లక్ష వచ్చింది. మా ఆయన ఎల్‌ఐసీ పాలసీ ఒకటి మెచ్యూర్ అయింది. దాన్ని లోన్‌లో కట్టాలా వద్దా అన్న ప్రశ్నకి షెడ్యూల్‌లోనే జవాబు చూశాను. అప్పటికి 12 వాయిదాలు అయ్యాయి. 13వ వరస నుంచి అసలు గడిని కూడుకుంటూ పోయాను. 25వ వరస దాకా, పదమూడు వాయిదాల అసలు కలిపితే 94,204. 26వ వరసతో లక్ష దాటుతుంది. అంటే ఇవాళ లక్ష కడితే ఆ పదమూడు వరసలు పూర్తిగా, పద్నాలుగోదానిలో చాలావరకు, షెడ్యూల్ నుంచి లేచిపోతాయి. లేచిపోయే వరసల్లో అసలు మాత్రమే కాదు, వాటి పక్కన ఉన్న వడ్డీ కూడా పోతుంది. చివర్లో దాదాపు 4 లక్షల 77 వేల వాయిదాలు కట్టక్కర్లేదు. అందులో మన లక్ష తీసేస్తే 3 లక్షల 77 వేల వడ్డీ తప్పినట్టు.

అదే లక్ష పదిహేనేళ్ళ తర్వాత కడితే? 181వ వరసలో అసలు 22,729 ఉంటుంది. నాలుగు వరసలకే అసలు దాదాపు 92 వేలు అవుతుంది. నాలుగు వాయిదాలు, ఇంకో దానిలో మూడో వంతు తగ్గుతాయి. తప్పే వడ్డీ 50 వేల పైచిలుకు.

పదేళ్ళు దాటాక ఎంత కట్టినా మిగిలేదేం ఉండదన్న మావయ్యగారి రెండో మాటలో కొంత నిజం ఉన్నది ఇక్కడే. కానీ కారణం ఆయన అనుకున్నది కాదు. బ్యాంకు అప్పటికే వడ్డీ మింగేసిందని కాదు. ఇవాళ కట్టిన లక్ష దాదాపు పంతొమ్మిదేళ్ళ పాటు 8.5 శాతం వడ్డీని ఆపుతుంది, పదిహేనేళ్ళ తర్వాత కట్టిన లక్ష ఐదేళ్ళే ఆపుతుంది. రెండింట్లోనూ మనకి వచ్చే రేటు ఒకటే, 8.5 శాతం. 3.77 లక్షలన్నది ఎప్పుడో 2042, 2043లలో మిగిలే డబ్బు, దాన్ని ఇవాళ్టి 3.77 లక్షలుగా చూసి గంతులేయకూడదు. ఆ లక్షని వేరే చోట పన్ను పోగా 8.5 కంటే ఎక్కువ ఇచ్చే దానిలో పెట్టగలిగిన వాళ్ళు అక్కడే పెట్టుకోవచ్చు. నూటికి రూపాయి పైన వడ్డీ కడుతున్న బయట అప్పులుంటే ముందు వాటినే తీర్చాలి. మాకు రెండూ లేవు, కాబట్టి లోన్‌లోనే కట్టాం.

కట్టడానికి వెళ్ళినప్పుడు బ్యాంకులో కౌంటర్ దగ్గర అమ్మాయి ఒక ఫారం ఇచ్చి, "ఈఎంఐ తగ్గించమంటారా మేడమ్, నెలలు తగ్గించమంటారా?" అని అడిగింది. ఆ చిన్న టిక్కు దగ్గరే చాలా డబ్బు ఉంది. ఈఎంఐ తగ్గించమంటే మా వాయిదా 885 రూపాయలు తగ్గి 33,828 అవుతుంది, మిగిలిన 228 నెలలూ అలాగే ఉంటాయి. అలా మొత్తం మీద తప్పే వడ్డీ లక్ష పైచిలుకు. నెలలు తగ్గిస్తే 3.77 లక్షలు. తేడా ఎందుకంటే ఈఎంఐ తగ్గించినప్పుడు ఆ 885ని మనం ప్రతి నెలా వెనక్కి తీసేసుకుంటున్నాం, నెలలు తగ్గించినప్పుడు అది అసలులోకే పోతూ ఉంటుంది. జీతం ఇరుకుగా ఉన్న వాళ్ళకి మొదటిదే మేలు, అందులో తప్పు లేదు. మేం నెలలు తగ్గించమన్నాం. వారం తర్వాత షెడ్యూల్ మళ్ళీ దించి చూశాను. బాకీ 38,20,000 చిల్లరకి వచ్చిందా, ఈఎంఐ 34,713 అలాగే ఉందా, మిగిలిన వాయిదాలు 215 చూపిస్తోందా అని. మూడూ సరిగ్గా ఉన్నాయి. మా ఆఫీసులో ఒకరికి ఇలా కట్టిన డబ్బు అసలులోంచి తీయకుండా, రాబోయే వాయిదాలకి అడ్వాన్సుగా పెట్టారట. ఆయన అడిగాక సరిచేశారు. కట్టిన వెంటనే కొత్త షెడ్యూల్ చూడకపోతే ఇది ఏడాది దాకా తెలియదు.

అసలు భాగం ఇంత పలచగా ఉండటం వల్ల వడ్డీ రేటు కదిలినప్పుడు దెబ్బ కూడా దాని మీదే పడుతుంది. మొదటి వరసనే తీసుకుందాం. రేటు ఒక్క శాతం పెరిగి 9.5 అయితే నెల వడ్డీ 3,333 పెరుగుతుంది. ఈఎంఐ మార్చకపోతే 6,380 కాస్తా 3,046 అయిపోతుంది, సగానికి పైగా పోయింది. గడువు 240 నెలల నుంచి 309కి సాగుతుంది. అదే ఒక శాతం తగ్గి 7.5 అయితే 205 నెలలకి దిగుతుంది. పెరిగితే 69 నెలలు, తగ్గితే 35. మా లోన్‌లో మొదట్లోనే రేటు 10.4 శాతం దాటి ఉంటే 34,713 ఆ నెల వడ్డీకే చాలేది కాదు, కడుతూ ఉన్నా బాకీ పెరిగేది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు, రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకి ఇచ్చే అప్పు మీద వేసే రెపో రేటు 4 నుంచి 6.5 శాతానికి పెరిగింది. అంతకు ముందు లోన్ తీసుకున్న వాళ్ళలో చాలామందికి ఈఎంఐ మారకుండా గడువు సాగిపోయింది ఇందువల్లే. 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఆదేశం ప్రకారం, రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కొంత కొంత చేసుకోవాలా అని బ్యాంకు మనల్ని అడగాలి. మూడు నెలలకోసారి ఇచ్చే వివరంలో ఇప్పటిదాకా తీసుకున్న అసలు, వడ్డీ, మిగిలిన వాయిదాలు ఎన్నో చెప్పాలి. మాకు కాలం కలిసొచ్చింది, మేం లక్ష కట్టిన నెలకే, 2025 ఫిబ్రవరిలో, రెపో తగ్గడం మొదలైంది. ఈఎంఐ తగ్గించొద్దని రాసిచ్చాం, తగ్గిన వడ్డీ అంతా అసలు గడిలోకి చేరుతోంది.

ఈ మధ్య మా మరిది గాజువాకలో ఫ్లాట్ చూసుకున్నాడు. ఏజెంటు ముప్పై ఏళ్ళ గడువు పెట్టించుకోమన్నాడట, ఈఎంఐ తక్కువ వస్తుందని. వాడు ఫోన్ చేసి, "వదినా, నెలకి నాలుగు వేలు మిగులుతుంది కదా" అన్నాడు. మా 40 లక్షల లెక్కే చూపించాను. ఇరవై ఏళ్ళకీ ముప్పై ఏళ్ళకీ ఈఎంఐలో తేడా 3,956. ఆ తగ్గినదంతా మొదటి నెల అసలులోంచే తగ్గింది, వడ్డీలో ఒక్క రూపాయి తగ్గలేదు. మొత్తం వడ్డీ ఇరవై ఏళ్ళకి 43.3 లక్షలు, ముప్పైకి 70.7 లక్షలు. వాడు కాసేపు ఆలోచించి ముప్పై ఏళ్ళకే వెళ్ళాడు. పెళ్ళి ఖర్చుల అప్పు ఇంకా ఉంది, ఈ రెండేళ్ళూ ఇరవై ఏళ్ళ ఈఎంఐ కట్టలేనన్నాడు. పెళ్ళి అప్పు తీరాక ఆ నాలుగు వేలూ ప్రతి నెలా అదనంగా అసలులో వేస్తాడట, జరిమానా ఉండదు కాబట్టి. అప్పుడు ఏ వరస దాకా లేచిపోతుందో చూసుకోవడానికి నా షీట్ పంపమన్నాడు, పంపాను.